పేరు లేని ప్రొఫైల్

జమ్మలమడుగులో మురళీకృష్ణ వాళ్ల వీధిలో ఎవరికి ఏ అర్జీ కావాలన్నా అతని గడప తొక్కాల్సిందే. కుళాయి నీళ్లు రావడం లేదని మునిసిపాలిటీకి, పింఛను ఆగిందని ఎమ్మార్వోకు, పిల్లవాడికి జ్వరమని బడికి, ఏదైనా సరే, విషయం చెప్పి నిలబడితే చాలు, కాగితం చేతిలో పెట్టేవాడు. వాళ్ల నాన్నది అర్చకత్వం. గుడి అన్న చూసుకుంటున్నాడు కాబట్టి ఇతను బీకాం చదివి ఒక ప్రైవేటు కాలేజీలో గుమాస్తాగా చేరాడు. కాలేజీ మూతపడింది. ఆ తర్వాత ప్రొద్దుటూరులో జగదీష్ దగ్గర కుదిరాడు. పొద్దున బస్సెక్కి వెళ్లడం, సాయంత్రం బస్సెక్కి రావడం.

జగదీష్ వాళ్లది బట్టల వ్యాపారం. తాతల నాటి దుకాణం. పరుపు మీద కూర్చుని గజాలు కొలవడం జగదీష్‌కు నచ్చలేదు. దుకాణం పైగదిలో రెండు బల్లలు, ఒక కంప్యూటరు, నీళ్ల క్యాను పెట్టుకుని స్టాఫింగ్ ఏజెన్సీ అని ఫ్లెక్సీ కట్టాడు. ఫ్యాక్టరీలకు ఎలక్ట్రీషియన్లు, ఫిట్టర్లు, వెల్డర్లు, ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్లు కావాలి. వాళ్లను వెతికి ఇవ్వాలి. మనిషి చేరాక ఫ్యాక్టరీ ఏజెన్సీకి ఫీజు కడుతుంది. చేరకపోతే పడ్డ పాట్లన్నీ ఉత్తవే. అందుకని జగదీష్‌కు ఎప్పుడూ తొందరే.

మురళీకృష్ణ పని హెచ్చార్ హెడ్‌లకు ఈమెయిళ్లు రాయడం. మీ ఫ్యాక్టరీలో ఖాళీలుంటే మాకు చెప్పండి, త్వరగా నింపుతాం అని. జగదీష్ దీనిని గొప్పగా బిజినెస్ డెవలప్‌మెంట్ అనేవాడు. మొదట్లో మురళీకృష్ణ తనకు తెలిసిన పద్ధతిలోనే రాశాడు. గౌరవనీయులైన తమరి దివ్యసముఖానికి అన్నంత పని చేసి, మధ్యలో ఏజెన్సీ చరిత్ర చెప్పి, చివర వినయంగా నమస్కరించి. అది చదివి జగదీష్ పడీపడీ నవ్వాడు.

"ఏంది సామీ ఇది? పెండ్లిపత్రిక కొట్టించినట్టుండాది. బంధుమిత్ర సపరివారంగా రమ్మంటాండావా హెచ్చారోళ్లను?"

నవ్వితే నవ్వాడు గానీ ఆ మెయిలుకు ఒక్కరూ బదులివ్వలేదు. మురళీకృష్ణకు రోషం వచ్చింది. ఎంతోమందికి నీళ్లు తెప్పించిన చెయ్యి అది. కూర్చుని ఆలోచించాడు. ఆ హెచ్చార్ హెడ్ అనేవాడు మీటింగుకూ మీటింగుకూ మధ్య ఫోన్లో మెయిలు చూస్తాడు. అప్పటికే ప్లాంటు మేనేజరు, ఫలానా మిషను దగ్గర మనిషి లేడని అతని ప్రాణం తీస్తుంటాడు. వాడికి కావాల్సింది నాలుగే ముక్కలు. ఏ మనుషులున్నారు, ఎంత త్వరగా వస్తారు, వచ్చినవాడు మానేస్తే ఏం చేస్తారు, డబ్బెప్పుడు కట్టాలి.

మళ్లీ రాశాడు. పైన సబ్జెక్టులో ఒకటే మాట: టెక్నికల్ ఖాళీలకు రెండు రోజుల్లో ప్రొఫైళ్లు. కింద నాలుగు వాక్యాలు. మేమే మాట్లాడి, పని పరీక్షించి పంపుతాం. మూడు నెలల్లోపు మానేస్తే ఇంకొకరిని ఫీజు లేకుండా ఇస్తాం. మనిషి చేరేదాకా మీరు కట్టేది ఏమీ లేదు. మీకు వీలైన సమయం చెబితే ఫోన్ చేస్తాం. అంతే. ఆ మెయిలుకు జవాబులు మొదలయ్యాయి. ఒకరో ఇద్దరో వెల్డర్లు కుదిరారు కూడా. జగదీష్ కింది దుకాణం నుంచి అతనికి ఒక చొక్కా గుడ్డ తెప్పించి ఇచ్చాడు. మురళీకృష్ణ అది కుట్టించుకుని వేసుకుని, అద్దంలో తన మొహం చూసుకుని మురిసిపోయాడు. పాపం, ఆ మురిపెం ఎన్నాళ్లో నిలవలేదు.

ఆసియా ఆ ఏజెన్సీకి వచ్చింది ఆ రోజుల్లోనే. జమ్మలమడుగు దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్. కొలిమిలో వేడి ఎంతుందో, గొట్టాల్లో ఒత్తిడి ఎంతుందో చూపించే పరికరాలు సరిగ్గా చూపిస్తున్నాయా లేదా అని సరిచేయడం ఆమె పని. ఆ డిపార్టుమెంటులో ఆడమనిషి తనొక్కతే. కాంట్రాక్టరు కింద ఏళ్లుగా చేస్తోంది. భర్త అబ్దుల్ సత్తార్‌కు పులివెందులలో మోటారుసైకిళ్ల మెకానిక్ షాపు. అతను అక్కడ, ఈమె ఇక్కడ. ఆదివారం వస్తే ఎవరో ఒకరు బస్సెక్కాలి. జమ్మలమడుగులో ఒక గది తీసుకుని, అదే ఫ్యాక్టరీ ల్యాబులో చేసే రేష్మాతో కలిసి ఉంటోంది. ఇద్దరూ ప్రొద్దుటూరు పాలిటెక్నిక్కులో ఒకే బెంచీ.

"అన్నా, పులివెందుల పక్క ఏదన్నా ఉంటే చూడు. అయితే ఒకటి. ఈడ మా కాంట్రాక్టోళ్లలో కొందరిని కంపెనీ రోల్సులోకి, అంటే పర్మినెంటుగా, తీసుకుంటాండారు. నా పేరు కూడా ఉండాదంట. ఆ పనేదో అయ్యేదాకా, నేను పోవాలనుకుంటాండానని ఎవురికీ తెలీకూడదు. తెలిస్తే ఫస్టు నన్నే తీసేస్తారు. ఒక్క రేష్మాకే చెప్పినా. మళ్లా నీకు చెప్తాండా" అంది ఆసియా.

"నీ పేరు యాడా రాదమ్మా. నేను రాసేదే కదా మెయిలు. నాది పూచీ" అన్నాడు మురళీకృష్ణ.

ఆ మాట చెప్పేటప్పుడు అతని మనసులో ఏ కపటమూ లేదు. అదే తర్వాత అతనికి మింగుడుపడని సంగతి.

పులివెందుల దగ్గర ప్లాస్టిక్ పైపుల ఫ్యాక్టరీ ఒకటి కొత్తగా పెట్టారు. అక్కడ హెచ్చార్ హెడ్ వరదరాజులు. టెక్నికల్ పనుల్లో ఆడవాళ్లను కూడా తీసుకోమని వాళ్ల హెడ్డాఫీసు వాళ్లు ఆయన వెంట పడుతున్నారని జగదీష్ ఎక్కడో విని వచ్చాడు. ఈ విడత మెయిల్లో ఊరికే మా దగ్గర మనుషులున్నారు అంటే చాలదు, నమూనాకు రెండు మూడు ప్రొఫైళ్లు కూడా కింద పెట్టు అన్నాడు. ఆ వ్యాపారంలో ఇది మామూలే. పేరు, ఫోన్ నంబరు, పనిచేసే కంపెనీ తీసేసి, మిగతా వివరాలు చూపిస్తారు. చీర మడత కొంచెం విప్పి అంచు చూపించినట్టు. నచ్చితే అడుగుతారు. అడిగాక ఆ మనిషికి చెప్పి, సరేనన్నాకే పూర్తి బయోడేటా పంపాలి.

మురళీకృష్ణ ఆసియా ప్రొఫైలు రాశాడు. పేరు లేదు. కంపెనీ లేదు. ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్, సిమెంటు రంగం, ప్రొద్దుటూరులో డిప్లొమా, కొలిమి పరికరాల్లో మంచి అనుభవం, పులివెందుల ప్రాంతంలో స్థిరపడాలని కోరిక. ఆ తర్వాత, మహిళ, అని రాశాడు.

రాసి చెయ్యి ఆపాడు. ఏదో గుచ్చుకుంది. ఆ మాట కొట్టేశాడు. చదువుకున్నాడు. మిగతా ఇద్దరి ప్రొఫైళ్ల మధ్య అది వెలవెలబోతున్నట్టనిపించింది.

వెనక నిలబడి చూస్తున్న జగదీష్ ఊరుకోలేదు. "అసలుది తీసేస్తే ఎట్ల సామీ? వరదరాజులు సారుకు కావాల్సిందే అది. పెట్టు."

"ఆయమ్మను ఒక్క మాట అడుగుదామన్నా."

"అడుగు. ఎవరొద్దన్నారు?"

అడుగుదామనే ఫోన్ చేశాడు. ప్లాంటు లోపలికి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు, గేటు దగ్గరే పెట్టాలి. మోగి మోగి ఆగిపోయింది. సాయంత్రం అడుగుదాంలే అనుకున్నాడు. మెయిలు పోయేవాళ్ల జాబితాలోంచి ఆమె ఫ్యాక్టరీ హెచ్చార్ అడ్రసు మాత్రం జాగ్రత్తగా తీసేశాడు. అభ్యర్థి పనిచేసే చోటికి అభ్యర్థి ప్రొఫైలు పోకూడదన్నది ఈ వ్యాపారంలో మొదటి పాఠం. ఆ పాఠం పాటించాననే ధైర్యంతో, మహిళ అన్న మాట మళ్లీ చేర్చి, పంపేశాడు. సాయంత్రం బస్సులో సీటు దొరికిన సంతోషంలో ఆసియాకు ఫోన్ చేయడం మరిచిపోయాడు.

మర్నాడే వరదరాజులు ఫోన్ చేశాడు. "ఏమప్పా, మెయిలు శానా బాగుంది. చుట్టుతిప్పుడు లేకుండా రాసినావు. ఆ ఇన్‌స్ట్రుమెంట్ పాప బయోడేటా పంపు."

జగదీష్ బల్ల మీద చరిచాడు. మురళీకృష్ణ ఆసియాకు చెప్పాడు. ఆమె సంతోషానికి అంతు లేదు. బయోడేటా పంపమంది. ఇంటర్వ్యూకు వెళ్లింది. బాగా చేశానంది. అందరూ ఆఫర్ లెటరు కోసం ఎదురుచూస్తున్నారు. అప్పుడు వరుసగా రెండు దెబ్బలు తగిలాయి. పైపుల ఫ్యాక్టరీ హెడ్డాఫీసు, కొత్త నియామకాలన్నీ కొన్నాళ్లు హోల్డులో పెట్టి ఆపమంది. అదొకటి. సిమెంటు ఫ్యాక్టరీలో రోల్సులోకి తీసుకున్నవాళ్ల పేర్లు వచ్చాయి. వాటిలో ఆసియా పేరు లేదు. పైగా ఆమె కాంట్రాక్టు కూడా పొడిగించడం లేదన్నారు. అది రెండోది.

మురళీకృష్ణ వరదరాజులుకు ఫోన్ చేశాడు. నియామకాలు ఎప్పుడు తెరుస్తారో కనుక్కుందామని. మాటల మధ్యలో ఆయనే అన్నాడు.

"పనిమంతురాలప్పా. మీ మెయిలు రాంగానే ఆ సిమెంటోళ్ల హెచ్చార్‌కు ఫోన్ కొట్టినా. మేమిద్దరం పాత దోస్తులం, ఒక కంపెనీలో చేసినాం. ఎవరినన్నా తీసుకునే ముందు ఒకరినొకరం అడుగుతాంటాం. మీ ఆడ ఇన్‌స్ట్రుమెంట్‌లో ఒక పాప ఉందంట కదా, ఎట్ల చేస్తాది అంటి. బంగారం మాదిరి చేస్తాది అనె."

"సార్, మెయిల్లో పేరు లేదు కదా సార్?" అన్నాడు మురళీకృష్ణ.

"పేరెందుకప్పా? ఈ చుట్టుపక్కల సిమెంటులో ఇన్‌స్ట్రుమెంట్ చేసే ఆడమనిషి ఇంకొకరు యాడుండారు? చూడంగానే తెలిసిపాయ."

ఆయన మంచికే అడిగాడు. ఆ దోస్తు కూడా మంచే చెప్పాడు. చెప్పి, ఫోన్ పెట్టేసి, ఎలాగూ పోయే మనిషికి రోల్సెందుకని పేరు కొట్టేశాడు. ఇందులో పాపం ఎవరిదని వెతికితే, తిరిగి తిరిగి ఆ పైగదిలో కంప్యూటరు ముందుకే వచ్చి నిలబడుతోంది. ఆ ఫోన్ సంగతి మురళీకృష్ణ జగదీష్‌కు మాత్రం చెప్పాడు.

రెండో రోజు ఆసియా ఆఫీసుకొచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి ఉన్నాయి. జగదీష్ ఎదుటి బల్ల దగ్గరున్నాడు.

"మా హెచ్చార్ సారే అన్నాడన్నా. పులివెందులకు పోతాండావంట కదమ్మా, మంచిది పో అని. ఎట్ల తెలిసింది ఆయప్పకు? తెలిసింది ఇద్దరికే. నువ్వు, రేష్మా." ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "దాని పేరు రోల్సులో వచ్చినాదన్నా. ల్యాబులోంచి. ఇప్పుడర్థమాయ నాకు. నువ్వు చెప్పింటావని నేను ఒక్క క్షణం కూడా అనుకోలేదు. దేవుని ఇంట్లో పుట్టినోడివి."

మురళీకృష్ణ నోరు తెరిచాడు. జగదీష్ అతని వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, బెదిరింపు లేదు, వద్దు అన్న ఒక్క మాట మాత్రం ఉంది. మురళీకృష్ణ నోరు మూసుకున్నాడు. తర్వాత తెరిచి, "టీ తాగుతావామ్మా?" అన్నాడు.

అంతకంటే నీచమైన మాట తన జీవితంలో అనలేదని అతనికి ఆ క్షణంలోనే తెలిసింది. అయినా కిందికి దిగి టీ చెప్పి వచ్చాడు.

"వచ్చే వారం దాని పెండ్లి" అంది ఆసియా, గ్లాసు ముట్టకుండా. "గోరింటాకు నేనే పెట్టాలని పాలిటెక్నిక్ నాటి నుంచి మాట. ఇంక నా మొహం చూడదది, దాని మొహం నేను చూడను. గది కూడా ఖాళీ చేసి పులివెందులకు పోతాండా."

ఆమె వెళ్లాక జగదీష్ లేచి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "మనమేం కావాలని చేసినామా సామీ? పేరు పెట్టినామా? రూలు తప్పినామా? హోల్డు తీసేస్తే ఆయమ్మకు ఆడ ఉద్యోగం ఖాయం. అప్పుడు అన్నీ సర్దుకుంటాయి. ఇప్పుడు చెప్తే మన ఏజెన్సీ గురించి ఊరంతా దండోరా. ఇంకొక పిల్లగాడు మన మెట్లెక్కడు."

జగదీష్ చెడ్డవాడు కాడు. అతను చెప్పినదాంట్లో అబద్ధమూ లేదు. మురళీకృష్ణకు కావాల్సింది కూడా అదే, నమ్మడానికి ఏదో ఒకటి. పేరు పెట్టలేదు, నిజమే. ఆ మాట పట్టుకుని ఊగిసలాడుతూ బస్సెక్కాడు.

ఇంట్లో వైదేహి ఊరుకుంటుందా? మొగుడు కంచం ముందు కూర్చుని అన్నాన్ని అటూ ఇటూ జరుపుతుంటే చూసి, గుచ్చి గుచ్చి అడిగి, మొత్తం లాగింది. విని, వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"ఉద్యోగం మీరు ఇప్పించలేరు, సరే. ఆ పిల్లల మధ్య తగువు తీర్చడానికి మీకు ఏం అడ్డం? ఒక్క మాటే కదా."

"చెప్తాలే."

"ఎప్పుడు? పెండ్లికి ముందే చెప్పండి. పెండ్లి అయినాక చెప్పి ఏం లాభం?"

"చెప్తానంటాండా కదా!" అని కసిరాడు. వైదేహి కంచం తీసింది. ఊళ్లో వాళ్లందరి తరఫున అర్జీలు రాసినవాడికి తన తరఫున ఒక్క వాక్యం కుదరలేదు.

రెండు రోజుల తర్వాత రేష్మా ఫోన్ చేసింది. ఆఫీసులో ఒంటరిగా ఉన్నాడు. తెర మీద పేరు చూసి, కాసేపు మోగనిచ్చి ఎత్తాడు. ఆమె కూడా ఒకప్పుడు ఏజెన్సీలో పేరు నమోదు చేసుకున్న పిల్లే.

"అన్నా, ఆసియా నా ఫోన్ ఎత్తడంలే. ఉన్నట్టుండి గది ఖాళీ చేసి పోయింది. మా అమ్మ పోయి పిలిస్తే కూడా రానన్నాదంట. నేను చేసిన తప్పేందో చెప్పకుండా పోతే ఎట్లన్నా? నీకేమన్నా చెప్పిందా?"

ఇదిగో, ఇప్పుడు. ఇంతకన్నా మంచి సమయం దొరకదు. గదిలో జగదీష్ కూడా లేడు. అమ్మా, తప్పు నీది కాదు, నాది, అంటే అయిపోతుంది.

"నాకేం తెలీదమ్మా" అన్నాడు మురళీకృష్ణ.

"సరేలే అన్నా. కనిపిస్తే పెండ్లికి రమ్మని చెప్పు. నేను ఎదురుచూస్తాంటానని చెప్పు."

"చెప్తా" అన్నాడు. అదీ చెప్పలేదు.

పెళ్లి రోజు సాయంత్రం అతని బస్సు జమ్మలమడుగులో షాదీఖానా ముందు ఆగింది. పెళ్లి జనం రోడ్డు మీదికొచ్చి బండ్లన్నీ నిలిచిపోయాయి. రంగు బల్బులు, అత్తరు వాసన, బిర్యానీ వాసన. గేటు పక్కన పచ్చ చీర కట్టుకుని రేష్మా తల్లి కాబోలు, వచ్చే ప్రతి ఆటోలోకీ వంగి చూస్తోంది. ఎవరి కోసం చూస్తోందో బస్సులో ఉన్న అంతమందిలో అతనికొక్కడికే తెలుసు. ఇప్పుడైనా దిగి, లోపలికి పోయి చెప్పొచ్చు. ఆసియాకు ఫోన్ చేస్తే పులివెందుల నుంచి రావడానికి పొద్దు కూడా ఉంది. ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. ఇంతలో బస్సు కదిలింది. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. బస్సు కదలకపోయినా తను చేసేవాడు కాదని అతనికి తెలుసు. ఆ సంగతే ఆ తర్వాత చాలా రోజులు ముల్లులా గుచ్చింది.

పెళ్లి జరిగిన కొన్నాళ్లకు పైపుల ఫ్యాక్టరీ హోల్డు ఎత్తేసింది. వరదరాజులు స్వయంగా ఫోన్ చేసి, ఆ పాపను సోమవారం చేరమను అన్నాడు. జగదీష్ చెప్పినట్టే అన్నీ సర్దుకున్నాయి. ఇక కాంట్రాక్టు కాదు, తిన్నగా కంపెనీ రోల్సే. భర్త షాపు నుంచి ఫ్యాక్టరీకి మోటారుసైకిలు మీద దూరం కూడా లేదు.

ఆసియా, సత్తార్ ఇద్దరూ ప్రొద్దుటూరు వచ్చారు. సత్తార్ కింద బట్టల దుకాణంలో ఆగాడు. ఆసియా మిఠాయి డబ్బా పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. జగదీష్ ఆనందానికి హద్దు లేదు.

"చూసినావా సామీ! ఇది పెట్టు మన కొత్త మెయిల్లో. సిమెంటు నుంచి పైపులకు, మహిళా టెక్నీషియన్‌ను మనమే చేర్చినాం అని. ఒక్కొక్క హెచ్చార్ హెడ్డు లేచి కూర్చోవాల." ఒక బర్ఫీ నోట్లో వేసుకుని, సత్తార్‌కు చొక్కా గుడ్డ చూపించడానికి కిందికి దిగాడు.

ఆసియా డబ్బా మురళీకృష్ణ ముందు పెట్టింది. "అన్నా, అందరూ మోసం చేసినా నువ్వొక్కడివి మాట నిలబెట్టుకున్నావు. మా ఆయన కూడా అదే అంటాండాడు. ముందు నువ్వు తిను."

అతను బర్ఫీ ముక్క పట్టుకున్నాడు. నోటి దాకా తీసుకుపోలేకపోయాడు. కాగితం మీద తిరిగి పెట్టేసి, వరదరాజులుకు పంపిన ఆ మెయిలు తెరిచి, కంప్యూటరు తెర ఆమె వైపు తిప్పాడు.

"చదువమ్మా."

ఆసియా వంగి చదివింది. మొదట ఏమీ అర్థం కాలేదు. "బాగుందన్నా. నా పేరు కూడా పెట్టలేదు కదా" అంది. మళ్లీ చదివింది. ఈసారి మెల్లగా. మహిళ అన్న మాట దగ్గర ఆమె చూపు ఆగిపోయింది.

"దీన్ని చూసే వరదరాజులు సారు మీ హెచ్చార్‌కు ఫోన్ చేసినాడు" అన్నాడు మురళీకృష్ణ. "పంపే ముందు నిన్ను అడగలేదు. ఒక్కసారి ఫోన్ చేసి ఊరుకున్నా. ఆ మాట పెడితే తెలిసిపోతాదని నాకు అనిపించినాది కూడా. కొట్టేసి మళ్లా పెట్టినా. రేష్మా ఎవురికీ ఏమీ చెప్పలేదు."

ఆసియా కుర్చీలో కూర్చుంది. అరుస్తుందనుకున్నాడు. అరవలేదు. తిట్టినా బాగుండేది.

"నీకు ఎప్పుడు తెలిసినాది?" అంది.

అతను తల వంచుకున్నాడు.

"అన్నా, అడుగుతాండా. నేను ఈ కుర్చీలో కూర్చుని ఏడ్చినా చూడు, ఆ పొద్దుకు నీకు తెలుసా, తెలీదా?"

"తెలుసు."

"పెండ్లికి ముందే."

"ముందే."

కింద దుకాణంలో జగదీష్ నవ్వు వినిపిస్తోంది. ఏదో గుడ్డ చింపిన చప్పుడు. ఆసియా మిఠాయి డబ్బా మూత తీసుకుని, మూసి, ఎందుకో మళ్లీ తెరిచింది.

"ఉద్యోగం పోతే పోనీలే అన్నా. పోయింది, ఇంకొకటి వచ్చింది. నువ్వే ఇప్పించినావు. దాని పెండ్లి ఇంకొకటి వస్తాదా?" "వాళ్లమ్మ మా ఇంటికొచ్చి నిలబడితే, నీ కూతురుకు రోల్సు వచ్చింది కదా, సంబరం చేసుకోపో అంటి. ఆయమ్మ మొహం చూసి అంటి ఆ మాట."

మురళీకృష్ణకు పచ్చ చీర గుర్తొచ్చింది. వంగి వంగి ఆటోల్లోకి చూసిన ఆ తల్లి. అంత మాట పడి కూడా ఆమె ఎదురుచూసింది. తన బస్సు ఆమె పక్క నుంచే పోయింది.

"నేను చేస్తే అది ఎత్తదు" అంది ఆసియా. "నువ్వు చెయ్. నా ముందర చెయ్. స్పీకరు పెట్టు."

అతను రేష్మా నంబరు నొక్కాడు. అవతల రెండు మోతలకే ఎత్తింది. వెనక ఎక్కడో గిన్నెల చప్పుడు, అత్తగారింట్లో ఎవరివో మాటలు.

"చెప్పన్నా, బాగుండావా?"

"అమ్మా రేష్మా. ఆసియా సంగతి. ఆయమ్మ విషయం వాళ్ల ఫ్యాక్టరీలో తెలిసింది నీ వల్ల అనుకుని నీతో మాటలు మానేసింది. అది నీ వల్ల కాదు. నేను పంపిన మెయిలు వల్ల. తప్పు నాదే."

ఎంత బాగా రాసేవాడైనా అంతకు మించి కుదరలేదు. అవతల గిన్నెల చప్పుడు దూరమైంది. ఆమె ఎక్కడికో, గది బయటికో వచ్చినట్టుంది. ఆసియా బల్ల అంచు పట్టుకుని ఫోన్ వైపే చూస్తోంది.

"అన్నా" అంది రేష్మా చివరికి. "పెండ్లికి ముందు నేను నీకు ఫోన్ చేసి అడిగినా కదన్నా?"

ఆసియా తల తిప్పి అతన్ని చూసింది. ఆ ఫోన్ సంగతి ఆమెకు ఇప్పుడే తెలిసింది.

"అడిగినావమ్మా" అన్నాడు మురళీకృష్ణ.

అవతల ఫోన్ పెట్టేసింది. ఆసియా లేచి, తన ఫోన్ తీసుకుని మెట్ల దగ్గరికి పోయి, రేష్మాకు తనే చేసుకుంది. మోగుతోంది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. అతని వైపు వీపు పెట్టి మెట్ల మీద కూర్చుని మళ్లీ చేసింది. మిఠాయి డబ్బా బల్ల మీద తెరిచే ఉంది.